గూబ మెడ తిరిగేది కన్ను తిరగకనే

తిరుపతిలో మేముండే కాలనీ చివర ఒక పాత నిద్రగన్నేరు చెట్టుంది. దాని తొర్రలో ఒక గూబల జంట చాలాకాలంగా కాపురముంటోంది. గోరింకంత ఉంటాయి, ఒళ్లంతా తెల్లచుక్కలు, పచ్చటి కళ్లు. పైడికంటి అంటారే, ఆ చిన్న గూబలు. ఈమధ్య ఆ తొర్రని సిమెంటు పెట్టి పూడ్చేయాలని కొందరు పట్టుబట్టారు. ఆదివారం పొద్దున అందరం చెట్టుకిందే కూడాం.

ఒక పెద్దాయన మొదలుపెట్టాడు. "పగలు దానికి కళ్లు కనపడవప్పా. అందుకే కదలక మెదలక కూర్చుంటుంది. పగటిపూట గూబ మొగం చూడడం మంచిది కాదు, మా అమ్మ ఎప్పుడూ చెప్పేది." ఆయన మాట పూర్తయ్యీ కాకముందే ఎదురింటి అక్క అందుకుంది. "నేను వాకిలి చిమ్మేటప్పుడు చూస్తుంది, ముగ్గేసేటప్పుడు చూస్తుంది, ఆ పక్కకి పోతే ఆ పక్కకీ ఈ పక్కకి వస్తే ఈ పక్కకీ తల తిప్పుతుంది. ఒక్కోసారి తల పూర్తిగా వెనక్కి తిరిగిపోతుంది. నాకు టెన్షన్‌గా ఉంటుంది."

ఇద్దరి మాటకీ అందరూ తలూపారు. కానీ ఈ రెండు మాటలూ ఒకదానికొకటి పొసగవు. పగలు కళ్లు కనపడని పక్షి, వాకిలి చిమ్మే మనిషిని చూపుతో ఎట్లా వెంటాడుతుంది? ఆ ప్రశ్న అక్కడే అడిగాను. దానికి జవాబు వెతుక్కుంటూ పోతే నాకు తేలిందేమిటంటే, పగలు కదలకపోవడం, తల అంత దూరం తిప్పడం రెండూ ఒకే ఒప్పందంలోని భాగాలు. రాత్రి వేటకోసం గూబ శరీరం కంటిని పెద్దది చేసుకుంది. ఆ కంటికి కట్టిన మూల్యమే ఆ మెడ. పగలంతా కూర్చునే తీరు కూడా ఆ రాత్రి వేటకి తగ్గట్టుగా వచ్చిందే. ఇందులో గుడ్డితనం లేదు, అద్భుతశక్తి కూడా లేదు.

పగలు కనపడదా?

బాగా కనపడుతుంది. గూబ కంటిపాప రాత్రి దాదాపు కన్నంతా పరుచుకుంటుంది, పగటి వెలుగులో చిన్న చుక్కయిపోతుంది. మన కంటిపాప చేసే పనే, ఇంకా ఎక్కువ మోతాదులో. దీనికితోడు రెప్పల్ని సన్నగా మూసి చీలికలోంచి చూస్తుంది. కింద నిలబడి చూసేవాళ్లకి అది నిద్రలాగో, గుడ్డితనంలాగో అనిపిస్తుంది. పైడికంటి అయితే వెలుగుండగానే పురుగుల మీదికి దూకడం తిరుపతిలో ఎవరైనా చూడొచ్చు. సాయంత్రం వీధిలైట్లు వెలగకముందే అది బయటికొచ్చి కరెంటు తీగ మీద కూర్చుంటుంది.

రాత్రి చూపు గురించి కూడా మనం కాస్త ఎక్కువే చెప్పుకుంటాం. బ్రిటన్‌కు చెందిన శాస్త్రవేత్త గ్రాహం మార్టిన్ 1970లలో, యూరప్ అడవుల్లో ఉండే టానీ గూబ చూపుని కొలిచారు. వెలుతురు బాగా తగ్గిపోయినప్పుడు అది మనిషికన్నా సుమారు రెండున్నర రెట్లు తక్కువ వెలుగులో చూడగలదని తేలింది. పావురంతో పోలిస్తే అది చాలా ఎక్కువ. కానీ జనం అనుకునే వందల రెట్లు మాత్రం కాదు. పూర్తి చీకట్లో గూబకి కూడా కళ్లు పనిచెయ్యవు, అప్పుడు చెవే దిక్కు. అంటే దాని కన్ను రాత్రికోసం పగటిని వదులుకున్న కన్ను కాదు. అది వదులుకున్నది వేరే ఉంది.

కంటిని పెద్దది చేసుకున్నందుకు

సన్నటి వెలుగులో చూడాలంటే కన్ను ముందుభాగం వెడల్పుగా ఉండాలి, ఎక్కువ కాంతి లోపలికి రావాలి. బొమ్మ పెద్దగా పడాలంటే కన్ను పొడుగ్గా కూడా ఉండాలి. ఇంత వెడల్పూ ఇంత పొడుగూ ఉన్న కన్ను మనదిలా గుండ్రంగా ఉంటే ఆ చిన్న తలలో రెండు పట్టవు. అందుకని గూబ కన్ను గుండ్రంగా లేదు, గొట్టంలా ఉంది. దాని చుట్టూ చిన్న చిన్న ఎముక రేకులు కలిసి ఒక ఉంగరంలా బిగుసుకుని ఉంటాయి. ఇలాంటి ఎముక ఉంగరం చాలా పక్షుల్లో ఉంటుంది కానీ గూబలో అది బాగా పొడుగు సాగి, కంటిని హోల్డర్‌లో బిగించిన బల్బులా గుంటలో నిలబెట్టేస్తుంది. కంటిని తిప్పే కండరాలు దానికి ఉన్నాయి, కానీ నామమాత్రం. ఒకటి రెండు డిగ్రీలకి మించి కన్ను కదలదు.

ఇది ఎంత గట్టి నిజమో చూపించే ప్రయోగం ఒకటుంది. అమెరికాలో ఎరిక్ నుడ్‌సెన్ అనే శాస్త్రవేత్త చావు గూబ పిల్లలకి పట్టకాల కళ్లజోడు తొడిగాడు. చావు గూబ అంటే పాత గుడుల్లో, గోడౌన్లలో ఉండే తెల్లమొహం గూబ. ఆ కళ్లజోడు లోకాన్నంతా ఒక పక్కకి జరిపి చూపిస్తుంది. మనకి అలాంటి జోడు పెడితే మన కళ్లు అటూ ఇటూ తిరుగుతూ చూస్తూంటాయి కాబట్టి, కంటికీ చెవికీ మధ్య తేడా ఎంతన్నది స్థిరంగా ఉండదు. గూబకి కళ్లు కదలవు కాబట్టి ఆ తేడా ఎప్పుడూ అంతే ఉంటుంది. కంటికి ఒకచోట కనపడే ఎలుక, చెవికి ఇంకోచోట వినపడుతుంది. కొన్ని వారాల్లో ఆ పిల్లల మెదడు చెవి లెక్కని కంటికి తగ్గట్టు మార్చుకుంది. మెదడు ఎట్లా నేర్చుకుంటుందో చూడడానికి గూబనే ఎంచుకోవడానికి దాని కదలని కన్ను ఒక పెద్ద కారణం.

మనం పుస్తకం చదువుతుంటే పక్కన ఎవరో వచ్చారనుకోండి, తల కదపకుండా కన్ను తిప్పి చూస్తాం. గూబకి ఆ వీలు లేదు. రెండు కళ్లూ ముందుకే ఉండటం వల్ల దానికి ఒకేసారి కనపడే మేర సుమారు 110 డిగ్రీలు. మనకి 180 దాకా ఉంటుంది. మిగతాది చూడాలంటే తల తిప్పడం తప్ప దారి లేదు. ఎదురింటి అక్క చూసింది ఇదే. మనిషయితే కళ్లతో వెంటాడేవాడు, గూబ తలతో వెంటాడింది.

చెట్టు చుట్టూ తిరిగిన పిల్లలు

ఆ ఆదివారం పెద్దలు మాట్లాడుకుంటుంటే ముగ్గురు పిల్లలు చెట్టు చుట్టూ తిరగడం మొదలుపెట్టారు. గూబ తల గుండ్రంగా తిరుగుతూనే ఉంటుందా, లేక ఎక్కడైనా ఆగుతుందా అని వాళ్ల పందెం. "ఆగలే అన్నా! చుట్టూ తిరిగేసింది!" అని అరిచారు. ఫోన్లలో తిరిగే వీడియోలు కూడా ఇదే చెబుతాయి, తల 360 డిగ్రీలు తిరిగిందని.

తిరగదు. ఒక పక్కకి సుమారు 135 డిగ్రీలు, రెండో పక్కకి ఇంకో 135. మొత్తం 270. పిల్లలు చూసింది ఏమిటో లెక్కేసి చూద్దాం. గూబ మొహానికి ఎదురుగా నిలబడ్డామనుకోండి. దాని కుడివైపుగా చుట్టూ నడుస్తుంటే తల మనతోపాటు తిరుగుతూ 135 దగ్గర ఆగుతుంది. మనం అక్కడ ఆగం, నడుస్తూ సరిగ్గా దాని వీపు వెనక్కి, అంటే 180కి వస్తాం. తల ఆగిపోయినా మనం దాని చూపులోంచి జారిపోం. ఎందుకంటే కనపడే మేర 110లో సగం 55. 135కి 55 కలిపితే 190. వీపు వెనక ఉన్నదీ కంటి అంచున కనపడుతూనే ఉంటుంది. ఇంకో రెండడుగులు వేసేసరికి తల ఒక్క ఊపున ముందువైపు నుంచి వెనక్కి తిరిగి ఎడమవైపు చివరికి వచ్చి, అక్కడ మనల్ని మళ్లీ అందుకుంటుంది. ఆ ఊపు ఎంత తొందరగా అయిపోతుందంటే, నడుస్తూ కాళ్ల కింద చూసుకునే పిల్లాడికి అది కనపడదు. వాడికి కనపడేది ఒకటే, ఎక్కడికి పోయినా తననే చూస్తున్న మొహం.

270కి 110 కలిపితే 380. ఒళ్లు కదపకుండా, కాళ్లు మార్చకుండా, చుట్టూ అంతా చూడటానికి సరిపోయి ఇంకా కాస్త మిగులుతుంది. 360 డిగ్రీలు తిరగాల్సిన పనే దానికి లేదు. నాకు ఆ వీడియోలకన్నా ఈ లెక్కే ఎక్కువ నచ్చుతుంది.

నరం మెలిపడదా?

మన మెడలో ఏడు పూసలు, గూబ మెడలో పద్నాలుగు. ఈకల వల్ల మెడే లేనట్టు కనపడుతుంది కానీ లోపల పొడుగాటి మెడ ఎస్ అక్షరంలా వంగి ఉంటుంది. తలా మెడా కలిసేచోట మనకి రెండు ఎముక బొడిపెలు ఆనుకుని ఉంటే, పక్షులకి ఒక్కటే. అందుకే అక్కడ తల తేలిగ్గా తిరుగుతుంది. తిరగడమంతా ఒక కీలు దగ్గరే జరగదు. పూసకి కాస్త, పూసకి కాస్త, కొన్నిచోట్ల పక్కకి వంగుతూ, కొన్నిచోట్ల తిరుగుతూ ఆ 135 పూర్తవుతుంది.

ఎముకలకన్నా కష్టమైంది రక్తం సంగతి. మనిషి మెడలో రెండు రక్తనాళాలు పూసల పక్కనున్న రంధ్రాల గుండా మెదడుకి పోతాయి. ఆ రంధ్రాల్లో నాళం ఇరుకుగా ఉంటుంది. ప్రమాదంలోనో, మెడని ఒక్కసారి గట్టిగా విరిచినప్పుడో ఆ నాళం లోపలి పొర చిరిగి, గడ్డకట్టి, పక్షవాతం వచ్చిన కేసులు డాక్టర్లకి తెలిసినవే. మరి గూబకి రోజూ ఎందుకు రాదు? ఈ ప్రశ్న వేసింది కూడా మనుషులకి పక్షవాతం వైద్యం చేసే డాక్టరే. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో ఫిలిప్ గైయూ, ఆయనతో పనిచేసిన చిత్రకారుడు ఫాబియన్ డికాక్ మెర్కాడో, సహజంగా చచ్చిపోయిన గూబల్ని తీసుకుని, రక్తనాళాల్లోకి రంగు ఎక్కించి, తలల్ని చేత్తో తిప్పుతూ ఎక్స్‌రేలో చూశారు. అందులో ఒక రకం మన కొండల్లో ఉండే పెద్ద కొమ్ముల గూబకి దగ్గరి చుట్టం. ఆ పని 2013లో బయటికొచ్చింది.

వాళ్లకి కనపడింది ముఖ్యంగా రెండు. ఒకటి, గూబ పూసల రంధ్రాలు వాటిలోంచి పోయే నాళంకన్నా సుమారు పదిరెట్లు వెడల్పు. మెడ తిరిగినప్పుడు నాళం ఆ ఖాళీలో అటూ ఇటూ జరుగుతుంది కానీ ఒరుసుకోదు, నలగదు. రెండు, మనిషిలో పైకి పోయేకొద్దీ నాళాలు సన్నబడతాయి. గూబలో దవడ కింద, తల మొదలయ్యేచోట నాళాలు ఇంకా వెడల్పయ్యాయి, రంగు అక్కడ నిలవ చేరింది. మెడ పూర్తిగా తిరిగి కింది నుంచి రక్తం కాసేపు తగ్గినా, ఆ నిలవ కంటికీ మెదడుకీ సరిపోతుందని వాళ్లు చెప్పారు. మెడ ముందువైపు నాళాలకీ, పూసల్లోంచి పోయే వెనకనాళాలకీ మధ్య అడ్డదారులు కూడా కనపడ్డాయి. ఒకటి మూసుకుంటే ఇంకోదాంట్లోంచి పోవచ్చు.

ఇక్కడ ఒక హద్దు గుర్తుంచుకోవాలి. ఇది చచ్చిపోయిన పక్షుల్లో చూసింది. బతికున్న గూబ తల తిప్పిన క్షణంలో రక్తం నిజంగా ఎంత తగ్గుతుంది, ఆ నిలవ ఎంత వాడుకుంటుంది అన్నది ఈ పనిలో కొలవలేదు. వెడల్పాటి రంధ్రాలు కళ్లకి కనపడిన నిజం. నిలవ రక్తం కథ, ఆ నిజం మీద కట్టిన మంచి ఊహ.

నా మాటకి ఎదురుమాట

మెడ తిరగడానికి కారణం కదలని కన్నేనని నేను ఇంత గట్టిగా అంటుంటే, పక్షులు తెలిసినవాళ్లు ఒక ప్రశ్న వేస్తారు. హంసకి గూబకన్నా ఎక్కువ మెడపూసలు ఉంటాయి కదా, పావురం కూడా తల వెనక్కి తిప్పి వీపు మీద ఈకలు దువ్వుకుంటుంది కదా, మరి వాటి కళ్లు కదులుతాయి కదా అని. న్యాయమైన ప్రశ్న. మెడ పొడుగు, ఎక్కువ పూసలు పక్షిజాతి అంతటికీ వచ్చిన ఆస్తి. గూబ కొత్తగా కనిపెట్టింది కాదు. చేతులు లేని ప్రాణికి ముక్కే చెయ్యి, ఆ ముక్కు ఒళ్లంతా అందాలి.

కాబట్టి నా మాటని ఇలా దిద్దుకుంటాను. వంగే మెడ ముందే ఉంది. కన్ను బిగుసుకుపోవడం వల్ల గూబ ఆ మెడని చూపుకోసం రోజంతా వాడుకోవాల్సి వచ్చింది, దాన్ని చివరిదాకా సాగదీసుకుంది. చెవి కూడా ఈ కారణంలో భాగమే. చావు గూబలో ఒక చెవి కాస్త ఎత్తులో, ఇంకోటి కాస్త కిందికి ఉంటాయి. శబ్దం ఎటునుంచి వచ్చిందో అటు మొహం తిప్పితే, కన్నూ చెవీ రెండూ ఒకేసారి ఎలుక మీద గురిపెడతాయి. తల తిప్పడం ఒక్క చూపుకోసమే అంటే చెవికి అన్యాయం చేసినట్టే.

కదలకపోవడం ఎందుకు?

పగలు గూబ బయటికొచ్చిందంటే ఏం జరుగుతుందో మామిడితోపులున్న మా చిత్తూరు పక్క రైతులకి చెప్పనక్కర్లేదు. ముందు ఒక ఏట్రింత అరుస్తుంది. తర్వాత గోరింకలు, పికిలిపిట్టలు, కాకులు. ఉడుత కూడా తోక ఎగరేస్తూ గోల పెడుతుంది. అన్నీ చుట్టుముట్టి నెత్తి మీదుగా దూకుతాయి. రాత్రి తమ పిల్లల్ని ఎత్తుకుపోయేవాడు ఎక్కడున్నాడో ఊరందరికీ చాటి, అక్కడినుంచి తరిమేయడం వాటి ఉద్దేశం. గూబ రెక్క చప్పుడు కాకుండా మెల్లగా ఎగరడానికి తయారైన రెక్క. కాకిని గాలిలో తప్పించుకునేంత చురుకు దానికి లేదు. అందుకని దానికి మంచిది అసలు కంటపడకపోవడం.

కంటపడకపోవడానికి రంగొక్కటే చాలదు. పక్షుల కళ్లు అన్నిటికన్నా ముందు కదలికని పడతాయి. చిన్న కొమ్ముల గూబని చూస్తే ఇది బాగా అర్థమవుతుంది. చింతచెట్టు కొమ్మలో కూర్చున్న ఆ గూబ దగ్గరికి పోతే ఎగిరిపోదు. ఒళ్లు సన్నగా నిటారుగా సాగదీస్తుంది, కొమ్ముల్లాంటి ఈకల్ని లేపుతుంది, కళ్లని గీతల్లా మూస్తుంది. కళ్లు మూయడం ఎందుకంటే, గుండ్రటి కన్నుని మించి దాన్ని పట్టిచ్చేది ఇంకోటి లేదు. అంతా అయ్యాక అక్కడ మిగిలేది ఒక విరిగిన కొమ్మ. కానీ ఆ గీతల వెనక నుంచి అది మనల్ని చూస్తూనే ఉంటుంది, తల మాత్రం చాలా మెల్లగా మనతోపాటు తిరుగుతుంది. ఒంటిని కదపకుండా చుట్టూ చూడగలిగే ఆ 380 డిగ్రీల లెక్క పగలు పనికొచ్చేది ఇక్కడే. రెక్క విప్పక్కర్లేదు, పాదం జరపక్కర్లేదు.

మరి పైడికంటి ఇట్లా చెయ్యదే అంటారేమో. నిజమే. అది పగలు తొర్ర అంచున ఎండ కాచుకుంటుంది, మనం దగ్గరికెళ్తే తలని కిందికీ పైకీ, పక్కలకీ ఊపుతూ గుడ్లురిమి చూస్తుంది. ఆ ఊపడం కోపం కాదు. కన్ను కదలదు కాబట్టి, తలనే రకరకాల చోట్లనుంచి పెట్టి చూసి మనం ఎంత దూరంలో ఉన్నామో అంచనా కడుతుంది. దానికంత ధైర్యం ఎందుకంటే వెనక తొర్ర ఉంది. కాకి వస్తే ఒక్క గెంతులో లోపలికి పోతుంది. తొర్ర లేని గూబే కొమ్మయిపోతుంది. అందుకే తొర్రని సిమెంటుతో పూడ్చడాన్ని నేను అంత గట్టిగా ఎదిరించింది. పూడిస్తే పోయేది గూడొక్కటే కాదు, పగలంతా అది బతికుండే ఆ ఒక్క గెంతు కూడా.

జబ్బు చేసిందని ఎత్తుకెళ్లేముందు

ఈ గుడ్డి గూబ నమ్మకం రాళ్లేసేవాళ్లనే కాదు, దయగలవాళ్లనీ దారి తప్పిస్తుంది. పగలు కదలకుండా కూర్చున్న గూబని చూసి, పాపం కళ్లు కనపడక దారి తప్పిందని అట్టపెట్టెలో పెట్టి ఇంటికి తెచ్చినవాళ్లు నాకు తెలుసు. దీపావళి ముందు గూబల్ని పట్టి అమ్మేవాళ్లు కూడా ఈ కదలకపోవడాన్నే ఆసరా చేసుకుంటారు. మన దేశపు గూబలన్నిటికీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. పట్టడం, పెంచడం, అమ్మడం నేరం.

బాగున్న గూబ కొమ్మ మీదో, తొర్ర దగ్గరో నిటారుగా కూర్చుంటుంది. మనం పక్కకి జరిగితే, కళ్లు సగం మూసున్నా సరే, దాని మొహం మనతో తిరుగుతుంది. మే నెల ఎండలో నోరు కాస్త తెరిచి గొంతు కింద చర్మాన్ని గబగబా ఆడిస్తుంటే అది జబ్బు కాదు. దానికి చెమట పట్టదు, అట్లా వేడి పోగొట్టుకుంటుంది. జబ్బు చేసినది నేల మీద ఉంటుంది, ఒక రెక్క వేలాడుతుంది, దగ్గరికెళ్లినా తల తిప్పదు. గాలిపటం మాంజాకో తీగకో చిక్కుకున్నదీ ఇలాగే దొరుకుతుంది. అప్పుడు మీద ఒక గుడ్డ కప్పి, గాలాడే పెట్టెలో చీకట్లో ఉంచి, నీళ్లు నోట్లో పోయకుండా, అటవీశాఖవాళ్లకి ఫోన్ చేయాలి.

వేసవి మొదట్లో కనపడేది ఇంకో రకం. మెత్తటి నూగుతో, ఇంకా సరిగా ఎగరలేని పిల్ల, చెట్టు కింద కూర్చుని ఉంటుంది. తల మాత్రం మనవైపు తిప్పి ముక్కు టకటకలాడిస్తుంది. దానికి జబ్బు లేదు, దారీ తప్పలేదు. తల్లీతండ్రీ పైకొమ్మల్లోనే ఉంటాయి. కుక్కలకీ పిల్లులకీ అందకుండా దగ్గర్లోని కొమ్మ మీద పెట్టి మనం దూరం జరిగితే, చీకటి పడ్డాక అవే వచ్చి మేపుతాయి.